సిప్రోఫ్లాక్సాసిన్‌కీ ఎటోపోసైడ్‌కీ ఉన్న చుట్టరికం

ప్రశ్న: మాస్టారూ, నేను ఎచ్చెర్లలో ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మాది కవిటి దగ్గర పల్లె. అమ్మకి మూత్రంలో మంటగా ఉంటే డాక్టరు గారు సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు. మా మేనమామకి ఊపిరితిత్తుల్లో స్మాల్ సెల్ కేన్సర్, విశాఖలో ఎటోపోసైడ్ ఎక్కిస్తున్నారు. రెండూ టోపోఐసోమరేజ్ మీదే పని చేస్తాయని క్లాసులో చెప్పారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. అమ్మ ఒంట్లో మంచి కణాలకి ఏమీ కాదా? అసలు ఎంజైమ్‌ని ఆపితే కణం పెరగడం ఆగిపోవాలి గానీ చచ్చిపోవడం ఎందుకు? సూపర్‌కాయిలింగ్ కూడా సరిగ్గా బుర్రకెక్కలేదు, కాస్త మొదట్నుంచీ చెప్పండి.

జవాబు:

ముందు మీ రెండో ప్రశ్న తీసుకుంటానమ్మా. అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది. టోపోఐసోమరేజ్ తన పనిలో భాగంగా డీఎన్‌ఏని తెంచుతుంది, మళ్లీ తనే అతుకుతుంది. ఈ మందులు సరిగ్గా ఆ రెండు పనుల మధ్యలో దూరి అతకనివ్వకుండా చేస్తాయి. ఎంజైమ్ తెగిన డీఎన్‌ఏని పట్టుకుని అలాగే ఇరుక్కుపోతుంది. కణం చావుకి అసలు కారణం ఆ తెగిన చోటు. ఎంజైమ్ చేయాల్సిన పని ఆగిపోవడం అన్నది దాని తర్వాతి మాట. ఇప్పుడు మొదట్నుంచీ వద్దాం.

మీది కవిటి వైపు కాబట్టి ఇంట్లో కొబ్బరి పీచు తాడుకి కరువుండదు. రెండు పేటల తాడు రెండు మూరలు తీసుకోండి. ఒక చివర కిటికీ ఊచకి గట్టిగా కట్టేయండి. రెండో చివర పేటలు రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని విడదీస్తూ పోండి, తాడుని మాత్రం తిరగనివ్వకండి. మొదటి జానెడు తేలిగ్గా విడిపోతుంది. ఆ తర్వాత ముందున్న తాడు బిగుసుకుంటుంది. ఇంకా లాగితే అది తన మీద తనే మెలికపడి పైకి లేస్తుంది. మీరు విడదీసిన చోట ఉన్న పురి ఎక్కడికీ పోలేదు, ముందుకి జరిగి అక్కడ పేరుకుంది. ఆ పైకి లేచిన మెలికే సూపర్‌కాయిల్. ఊచకి కట్టిన ముడి విప్పితే తాడు గిర్రున తిరిగి సర్దుకుంటుంది. డీఎన్‌ఏకి ఆ వీలు లేదు. బాక్టీరియాలో అది చివరలే లేని వలయం. మన కణాల్లో క్రోమోజోమ్‌కి చివరలున్నా, అది చాలా పొడవైనది, పైగా దారి పొడవునా ప్రొటీన్లకి చుట్టుకుని, కట్టుబడి ఉంటుంది. మధ్యలో పేరుకున్న పురి చివరి దాకా వెళ్లి విడిపోయే మార్గం లేదు.

ఈ ఇబ్బంది ఎంత పెద్దదో ఈ కొలై అనే బాక్టీరియా లెక్క చూస్తే తెలుస్తుంది. దాని డీఎన్‌ఏలో దాదాపు 46 లక్షల బేస్ జతలున్నాయి. సుమారు 10.5 జతలకి ఒక చుట్టు చొప్పున వేసుకుంటే రెండు పోగులూ ఒకదాని చుట్టూ ఒకటి 4 లక్షల 40 వేల సార్లు చుట్టుకుని ఉన్నాయన్నమాట. కణం రెండుగా చీలాలంటే ఆ చుట్లన్నీ విప్పాలి, ఒక్కటి కూడా మిగలకూడదు. నకలు తీసే యంత్రాంగం, అంటే రెప్లికేషన్ ఫోర్క్, సెకనుకి సుమారు 1000 జతలు దాటుతుంది. అంటే సెకనుకి వంద చుట్ల దాకా దాని ముందు పేరుకుంటాయి. వాటిని అప్పటికప్పుడు తీసేవాళ్లు లేకపోతే ఫోర్క్ కాసేపట్లోనే కదలకుండా నిలిచిపోతుంది.

క్లాసులో మీకు Lk = Tw + Wr అని చెప్పి ఉంటారు. Lk అంటే రెండు పోగులూ ఒకదాన్నొకటి చుట్టుకున్న మొత్తం లెక్క, Tw పోగుల్లోని పురి, Wr వలయం తన మీద తనే పడే మెలికలు. దాన్ని గాలిలో పట్టుకోకుండా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద పెట్టి చూడండి. పీబీఆర్322లో 4361 బేస్ జతలు. 10.5తో భాగిస్తే సుమారు 415 వస్తుంది. ఏ ఒత్తిడీ లేకుండా తీరుబడిగా ఉన్న వలయంలో Lk అదే. కణం నుంచి తీసిన ప్లాస్మిడ్‌లో మాత్రం ఇది సుమారు 390 దగ్గర ఉంటుంది, అంటే 25 చుట్లు తక్కువ. ఆ లోటుని 415తో భాగిస్తే −0.06 వస్తుంది, మీ పుస్తకంలో సిగ్మా అని కనిపించే సంఖ్య ఇదే. Lk అన్నది పోగుని తెంచకుండా మార్చలేని సంఖ్య. వలయాన్ని ఎటు వంచినా, ఎలా నలిపినా Tw కొంత Wrగా, Wr కొంత Twగా మారతాయి గానీ వాటి మొత్తం మారదు. మొత్తం మారాలంటే ఎవరో ఒకరు పోగుని తెంచి, దాటించి, మళ్లీ అతకాలి. ఆ పని చేసేవే టోపోఐసోమరేజ్‌లు.

ఆ 25 చుట్ల లోటు బాక్టీరియా కావాలని పెట్టుకున్నదే. చుట్లు తక్కువగా ఉన్న డీఎన్‌ఏలో రెండు పోగుల్నీ విడదీయడం తేలిక. నకలు మొదలుపెట్టే చోటా, జన్యువుని చదవడం మొదలయ్యే చోటా ఆ సాయం కావాలి. ఇలా ఏటీపీ అనే కణ ఇంధనాన్ని ఖర్చుపెట్టి లోటుని తయారుచేసే ఎంజైమ్ పేరు డీఎన్‌ఏ గైరేజ్. 1976లో మార్టిన్ గెల్లర్ట్ బృందం దీన్ని కనిపెట్టింది. అంతకు ముందే, 1971లో, జేమ్స్ వాంగ్ ఈ కొలైలోనే మొట్టమొదటి టోపోఐసోమరేజ్‌ని చూపించాడు. వాంగ్ చూపించింది ఒక్క పోగునే తెంచే రకం, టైప్ 1. గైరేజ్ రెండు పోగుల్నీ ఒకేసారి తెంచే టైప్ 2. సిప్రో, ఎటోపోసైడ్ రెండూ టైప్ 2 మీదే పని చేస్తాయి కాబట్టి మనకి ఇక్కడ కావలసింది అదే.

గైరేజ్ పని దగ్గర్నుంచి చూద్దాం. అందులో నాలుగు ముక్కలు: రెండు గైర్‌ఏ, రెండు గైర్‌బీ. ముందు ఒక డీఎన్‌ఏ భాగాన్ని తన చుట్టూ చుట్టుకుంటుంది. ఒక చోట రెండు పోగుల్నీ తెంచుతుంది, ఎదురెదురుగా కాకుండా నాలుగు బేస్‌ల ఎడంతో. తెంచిన వెంటనే ఒక్కో గైర్‌ఏలోని 122వ టైరోసిన్ ఒక్కో పోగు తెగిన కొసలోని ఫాస్ఫేట్‌తో నేరుగా రసాయన బంధం వేసుకుంటుంది. ఆ కొసలు ఒక్క క్షణం కూడా విడిగా తేలవు, ఎంజైమ్ ఒంట్లో భాగమైపోతాయి. అప్పుడు అదే డీఎన్‌ఏలోని ఇంకో భాగం ఆ సందులోంచి అవతలికి దాటుతుంది. దాటాక టైరోసిన్ బంధం విడిపోయి పోగులు మళ్లీ అతుక్కుంటాయి. ఒక్కో విడతకి Lk రెండు తగ్గుతుంది. మన ప్లాస్మిడ్ 415 నుంచి 390కి రావాలంటే గైరేజ్ పన్నెండు, పదమూడు సార్లు ఇలా తెంచి అతకాలి.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది అతికే పద్ధతి. తెంచిన బంధంలోని శక్తి వృథా కాకుండా టైరోసిన్ బంధంలోనే నిలవ ఉంటుంది. అందుకే మళ్లీ అతకడానికి విడిగా ఏటీపీ అక్కర్లేదు. ఏటీపీ ఖర్చయ్యేది రెండో భాగాన్ని దాటించి, తలుపుల్లాంటి భాగాల్ని వరసగా తెరిచి మూయడానికి. మామూలుగా ఏ క్షణంలో చూసినా తెగి ఉన్న ఎంజైమ్‌లు చాలా తక్కువ. అందుకే కణం తన డీఎన్‌ఏని తనే రోజంతా తెంచుకుంటూ కూడా క్షేమంగా ఉంటుంది.

ఇప్పుడు సిప్రో. తెగిన చోట రెండు బేస్‌ల మధ్య ఏర్పడ్డ సందులోకి మందు అణువు చొరబడుతుంది, రెండు పోగుల్లో తెగిన రెండు చోట్లా ఒక్కోటి. అది అక్కడ ఉన్నంత సేపూ తెగిన కొసలు ఒకదానికొకటి అందవు. ఎంజైమ్, తెగిన డీఎన్‌ఏ, మందు, ఈ మూడూ కలిసిన ముద్దని క్లీవేజ్ కాంప్లెక్స్ అంటాం. అయితే ఇంతవరకూ జరిగింది సరిదిద్దుకోదగ్గదే. మందు బయటికి వచ్చేస్తే కొసలు అతుక్కుంటాయి, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీ మామయ్య వైద్యం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ప్రమాదం ఆ తర్వాత వస్తుంది. సెకనుకి వెయ్యి జతలు దాటుతూ వస్తున్న ఫోర్క్ ఈ ముద్దని గుద్దుకుంటుంది. నకలు ఆగిపోతుంది. ఇలాంటి చోట్ల ఎంజైమ్ పట్టు వదిలిపోయి, లేదా కణమే దాన్ని తొలగించబోయి, తెగిన కొసలు నిజంగానే విడిగా బయటపడతాయి. ఇక అది రెండు పోగులూ తెగిన గాయం. బాక్టీరియా వెంటనే ఎస్‌ఓఎస్ అనే మరమ్మతు వ్యవస్థని మేల్కొలుపుతుంది. ఒకటి రెండు గాయాలైతే బాగుచేసుకుంటుంది. చాలా చోట్ల ఒకేసారి తెగితే క్రోమోజోమ్ ముక్కలైపోతుంది. మీరడిగిన "చావడం ఎందుకు" అన్నదానికి జవాబు ఇది.

ఇది ఊహ అని ఎవరైనా అనొచ్చు. ఎంజైమ్ పని ఆగినందువల్ల చచ్చిందా, ఎంజైమ్ ఇరుక్కున్నందువల్ల చచ్చిందా అని తేల్చేదెలా? 1979లో క్రూజర్, కొజ్జరెల్లి చేసిన ప్రయోగం చాలా తెలివైనది. వాళ్లు తీసుకున్న ఈ కొలైలో గైరేజ్ మామూలు వేడిలో పని చేస్తుంది, వేడి పెంచితే చెడిపోతుంది. టీ7 అనే ఫేజ్ వైరస్‌ని దాని మీద వదిలారు. వేడి పెంచి గైరేజ్‌ని పడగొట్టినా టీ7 శుభ్రంగా పెరిగింది. అంటే ఆ వైరస్‌కి గైరేజ్ పనితో అవసరం లేదు. కానీ గైరేజ్ బాగున్న బాక్టీరియాలో, సిప్రోకి పూర్వికుడైన నాలిడిక్సిక్ ఆసిడ్ వేస్తే టీ7 పెరగలేదు. గైరేజ్ లేకపోతే బతికిన వైరస్, గైరేజ్‌కి మందు తగిలితే ఆగిపోయింది. అంటే చెరుపు చేస్తున్నది మందు తగిలి ఇరుక్కున్న ఎంజైమే. అందుకే ఇలాంటి మందుల్ని ఉత్త ఇన్‌హిబిటర్ అనకుండా పాయిజన్ అని వేరే పేరుతో పిలుస్తారు.

దీన్నుంచే ఇంకో చిత్రమైన ఫలితం వస్తుంది, పరీక్షలో అడిగినా అడుగుతారు. ఒకే బాక్టీరియాలో మందుకి లొంగే గైర్‌ఏ జన్యువు ఒకటి, లొంగనిది ఒకటి పెడితే ఆ కణం మందుకి లొంగుతుందా, లొంగదా? లొంగని ఎంజైమ్ పని చేసి పెడుతోంది కదా, బతకాలి అనిపిస్తుంది. కానీ చచ్చిపోతుంది. లొంగే రకం ఎంజైమ్ పక్కనే డీఎన్‌ఏని తెంచి ఇరుక్కుంటూ ఉంటే లొంగని రకం ఏ సాయమూ చేయలేదు. నోవోబయోసిన్ అనే పాత మందు ఇలాంటిది కాదు. అది గైర్‌బీలో ఏటీపీ కూర్చునే చోటు ఆక్రమించి ఎంజైమ్ పనినే ఆపుతుంది, తెగిన చోట్లు పెంచదు.

మీ ల్యాబ్‌లో అవకాశం ఉంటే దీన్ని కళ్లతో చూడొచ్చు. తీరుబడిగా ఉన్న పీబీఆర్322కి గైరేజ్, మెగ్నీషియం, ఏటీపీ కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచి అగరోజ్ జెల్‌లో నడిపితే, ముందు పైన ఉన్న పట్టీ కిందికి, నిచ్చెన మెట్లలా దిగుతూ, చివరికి బాగా కింద ఒకే పట్టీగా చేరుతుంది. సూపర్‌కాయిల్ ఎక్కువైతే ప్లాస్మిడ్ గట్టిగా ముడుచుకుని జెల్‌లో వేగంగా పరుగెత్తుతుంది, అందుకు. ఈ మెట్లు కనిపించాలంటే జెల్‌లో ఎథిడియం బ్రోమైడ్ ముందే కలపకూడదు. అది బేస్‌ల మధ్యలో దూరి చుట్లని మార్చేస్తుంది, మెట్లు కలిసిపోతాయి. నడిపాకే రంగు వేయాలి.

ఇంకో గొట్టంలో సిప్రో కూడా వేసి, కాసేపాగి ఎస్‌డీఎస్, ఆ తర్వాత ప్రొటినేజ్ కె వేయండి. ఎస్‌డీఎస్ ఎంజైమ్ ఆకారాన్ని చెడగొట్టి, అతికే అవకాశం లేకుండా చేస్తుంది. ప్రొటినేజ్ డీఎన్‌ఏ కొసకి అంటుకున్న ఎంజైమ్‌ని తినేస్తుంది. ఇప్పుడు జెల్‌లో నిటారు డీఎన్‌ఏ పట్టీ, అంటే వలయం ఒక్క చోట తెగి పొడవుగా మారినది, కొత్తగా కనబడుతుంది. దీన్ని మిగతా పట్టీల నుంచి విడిగా చూడాలంటే ఈసారి జెల్‌లో ఎథిడియం ఉండటమే మేలు. పక్కన ఈకోఆర్1తో కోసిన అదే ప్లాస్మిడ్ పెట్టుకుంటే పట్టీ ఎక్కడ రావాలో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. నిటారు పట్టీ రాగానే సంబరపడకూడదు. ఎంజైమ్ తయారీలో వేరే న్యూక్లియేజ్ కలిసి ఉన్నా అదే పట్టీ వస్తుంది. తేల్చుకునే దారి ఒకటుంది. ఇంకో గొట్టంలో ఎస్‌డీఎస్ కన్నా ముందు ఈడీటీఏ వేసి మెగ్నీషియంని లాగేయండి, కాసేపాగి అప్పుడు ఎస్‌డీఎస్ వేయండి. నిజంగా క్లీవేజ్ కాంప్లెక్స్ అయితే ఆ వ్యవధిలో కొసలు చాలావరకు అతుక్కుని పట్టీ తగ్గిపోతుంది. న్యూక్లియేజ్ కోసింది అయితే తగ్గదు, ఎందుకంటే ఆ కొసల్ని పట్టుకున్నవాళ్లెవరూ లేరు. ప్రొటినేజ్ వేయడం మర్చిపోయినా తంటానే: ఎంజైమ్ అంటుకున్న డీఎన్‌ఏ సరిగ్గా పరుగెత్తదు, మందు పని చేయలేదని తప్పుడు తీర్మానానికి వస్తాం.

అమ్మ సంగతికి వద్దాం. మన కణాల్లోనూ టైప్ 2 టోపోఐసోమరేజ్ ఉంది, అదీ టైరోసిన్‌తోనే తెంచుతుంది. మరి సిప్రో దాన్ని ఎందుకు పట్టుకోదు? సిప్రో తెగిన చోట నిలదొక్కుకోవడానికి ఒక మెగ్నీషియం అయాన్ కావాలి. మందు ఆ అయాన్‌ని పట్టుకుంటుంది, అయాన్ చుట్టూ నీటి అణువులు ఉంటాయి, ఆ నీటి అణువుల్ని గైర్‌ఏలోని 83వ సెరిన్, 87వ ఆస్పార్టేట్ పట్టుకుంటాయి. ఈ కొలై లెక్కలో ఆ అంకెలు. మనిషి ఎంజైమ్‌లో ఆ రెండు చోట్లా అలా పట్టుకునే అమైనో ఆమ్లాలు లేవు. అందుకే వైద్యంలో వాడే మోతాదులో సిప్రో మన ఎంజైమ్ మీద నిలవదు. నిలిచే తీరుగా అణువుని మారిస్తే మాత్రం నిలుస్తుంది: వోసరాక్సిన్ అనే క్వినోలోన్ తరహా అణువు మనిషి టోపో 2నే పట్టుకుంటుంది, దాన్ని రక్త కేన్సర్ మందుగా పరీక్షించారు. చుట్టరికం నిజమే, అమ్మకి ఇచ్చినది మాత్రం బాక్టీరియా ఎంజైమ్‌కి సరిపోయే కొమ్మ.

సిప్రోలో మెగ్నీషియంని పట్టుకునే ఆ భాగమే కాల్షియం, ఐరన్, అల్యూమినియంలనీ పట్టుకుంటుంది. మాత్రని పాలతోనో, ఐరన్ టాబ్లెట్‌తోనో, కడుపులో మంటకి వాడే యాంటాసిడ్‌తోనో కలిపి మింగితే మందు పేగులోనే వాటికి అతుక్కుని రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. యాంటాసిడ్‌కీ, ఐరన్‌కీ కనీసం రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో సిప్రో వేసుకోమనండి. మీది ఉద్దానం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. సిప్రో చాలావరకు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అమ్మ క్రియాటినిన్ ఎప్పుడైనా ఎక్కువ వచ్చి ఉంటే ఆ రిపోర్టు డాక్టరు గారికి తప్పక చూపించండి. కిడ్నీ పని బాగా తగ్గినవాళ్లకి మోతాదో, మోతాదుల మధ్య ఎడమో మార్చాలి. మడమ వెనక కండని ఎముకకి కట్టే టెండన్ దగ్గర నొప్పి మొదలైతే మాత్ర ఆపి వెంటనే చెప్పాలి, ఈ మందులకి టెండన్‌ని దెబ్బతీసే గుణం ఉంది. అది ఇక్కడ చెప్పుకున్న ఎంజైమ్ కథతో సంబంధం లేకుండానే తెలుసుకోవలసిన విషయం.

వీలైతే మాత్ర మొదలుపెట్టే ముందే యూరిన్ కల్చర్‌కి ఇవ్వడం మంచిది, బాక్టీరియా ఈ మందుకి లొంగుతుందో లేదో అందులో తెలుస్తుంది. 83వ సెరిన్ మారిపోతే మెగ్నీషియం వంతెన తెగిపోతుంది, మందు పట్టు సడలుతుంది. దీని పర్యవసానం టైఫాయిడ్‌లో మనవాళ్లు బాగా అనుభవించారు. సాల్మొనెల్లా టైఫీలో ఆ ఒక్క మార్పు వస్తే నాలిడిక్సిక్ ఆసిడ్ అసలు పని చేయదు. సిప్రో మాత్రం సగంగా పని చేస్తుంది: బాక్టీరియాని ఆపడానికి కావలసిన మందు పదింతలకి అటూ ఇటూగా పెరుగుతుంది. అయినా పాత కొలతలో మిల్లీలీటరుకి 1 మైక్రోగ్రామ్ దాకా ఆగితే "లొంగుతుంది" అనే రాసేవారు కాబట్టి రిపోర్టు బాగానే కనిపించేది, రోగికి జ్వరం మాత్రం తగ్గేది కాదు. అందుకే 2012లో ఆ కొలతని 0.06కి దించారు. ఈ రోజు మన దగ్గర టైఫాయిడ్‌కి అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ ఎక్కువగా రాయడానికి వెనక ఉన్న కథ ఇదే. మందుల షాపులో అడిగి రెండు రోజులు సిప్రో వేసుకుని ఆపేసే అలవాటు ఇలాంటి మార్పులకి దారి వేస్తుంది. మందుకి లొంగని రకాల ఎంపిక జరిగేది జబ్బు తెచ్చిన బాక్టీరియాలో మాత్రమే కాదు, పేగులో ఉన్న మామూలు ఈ కొలైలో కూడా.

ఇప్పుడు మీ మామయ్య. ఎటోపోసైడ్ మనిషి టోపో 2ని, తెగిన చోటే, దాదాపు అదే పద్ధతిలో ఇరికిస్తుంది. మెగ్నీషియం వంతెన మీద ఆధారపడకుండా నేరుగా ఎంజైమ్‌నీ డీఎన్‌ఏనీ పట్టుకుంటుంది. బాక్టీరియాకీ మనకీ తేడా ఉన్నట్టు కేన్సర్ కణానికీ మంచి కణానికీ ఎంజైమ్‌లో తేడా లేదు, అదే జన్యువు. తేడా ఎంజైమ్ ఎంత ఉందన్న దాంట్లోనూ, కణం ఎంత త్వరగా నకళ్లు తీస్తోందన్న దాంట్లోనూ ఉంది. టోపో 2 ఆల్ఫా అనే రకం చీలుతున్న కణాల్లో బాగా పెరుగుతుంది, చీలకుండా ఉన్న కణాల్లో దాదాపు ఉండదు. పాయిజన్ అయిన మందుకి ఎంజైమ్ ఎంత ఎక్కువుంటే అన్ని తెగిన చోట్లు. స్మాల్ సెల్ కేన్సర్ చాలా త్వరగా చీలే రకం. అందుకే ఈ మందుకి మొదట్లో బాగా లొంగుతుంది. కొంతకాలానికి కేన్సర్ కణాలు టోపో 2ని తక్కువ చేసుకుంటే మందు పదును తగ్గుతుంది. మందు ఆపాల్సిన ఎంజైమ్ తగ్గితే మందు పని తగ్గడం వింతగా అనిపించొచ్చు గానీ, టీ7 ప్రయోగం గుర్తుంటే వింతేమీ లేదు.

మామయ్యకి బహుశా మూడు వారాలకోసారి వరసగా మూడు రోజులు ఎక్కిస్తూ ఉంటారు. ఇన్ని రోజులు తిప్పకుండా ఒక్క రోజులో మొత్తం ఎక్కించొచ్చు కదా అని ఇంట్లో అడిగే ఉంటారు. 1989లో వెలువడిన ఒక ట్రయల్ సరిగ్గా దీన్నే చూసింది. వైద్యం ఇంకా మొదలుకాని స్మాల్ సెల్ రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఇద్దరికీ మొత్తం మోతాదు ఒకటే, శరీర వైశాల్యం చదరపు మీటరుకి 500 మిల్లీగ్రాములు. ఒక గుంపుకి 24 గంటల్లో ఒకే విడతగా, రెండో గుంపుకి రోజుకి 100 చొప్పున అయిదు రోజులు. మొదటి గుంపులో గడ్డ తగ్గింది 10 శాతం మందికి, రెండో గుంపులో 89 శాతం మందికి. మందు అదే, మొత్తం అదే. పైన గుర్తుంచుకోమన్నది ఇక్కడ పనికొస్తుంది: మందు వెళ్లిపోగానే క్లీవేజ్ కాంప్లెక్స్ మళ్లీ అతుక్కుంటుంది. పైగా ఏ ఒక్క రోజు చూసినా కేన్సర్ కణాల్లో కొన్నే నకలు తీసే దశలో ఉంటాయి. అందుకే మందు ఎంత ఎత్తుకి చేరిందన్న దానికన్నా ఎన్ని రోజులు ఉందన్నది ముఖ్యమైంది. మూడు రోజుల్లో ఒక రోజు మానేస్తే ఏముందిలే అనుకోవద్దని మామయ్యకి మీరే చెప్పండి.

టైప్ 1 మీద పని చేసే కేన్సర్ మందులూ ఉన్నాయి, ఇరినోటెకాన్, టోపోటెకాన్. వీటికి మూలం కాంప్టోథెసిన్ అనే చెట్టు పదార్థం, 1966లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీ దాని నిర్మాణాన్ని తేల్చారు. ఇవి ఇరికించేది ఒక్క పోగు తెగిన చోటునే. ఫోర్క్ వచ్చి దాన్ని గుద్దుకున్నప్పుడే అది రెండు పోగుల గాయంగా మారుతుంది. కాబట్టి నకలు తీస్తున్న కణాలకే దెబ్బ ఎక్కువ.

ఎటోపోసైడ్ చెరుపు కూడా ఇదే లెక్కలో అర్థమవుతుంది. వెంట్రుకల కుదుళ్లు, పేగు లోపలి పొర, ఎముక మజ్జ, ఇవన్నీ త్వరగా చీలే కణాలు కాబట్టి వాటికీ తగులుతుంది. తెగిన కొసలు అరుదుగా తప్పు చోట అతుక్కుంటాయి. పదకొండో క్రోమోజోమ్ మీద కేఎంటీ2ఏ అనే జన్యువు దగ్గర అలా జరిగితే, వైద్యం అయిన రెండు మూడేళ్లకి కొద్దిమందిలో వేరే రక్త కేన్సర్ రావచ్చు. ఇది తెలిసిన రిస్కే. చికిత్స ఆపదగ్గది కాదు, వైద్యం పూర్తయ్యాక కూడా రక్త పరీక్షలకి రమ్మంటే వెళ్లాలి, అంతే.

తక్షణం చూసుకోవలసింది మజ్జ సంగతి. మందు ఎక్కాక ఒకటి రెండు వారాల మధ్యలో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఇంట్లో ఒక థర్మామీటర్ ఉండాలి. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దు, విశాఖ దాకా వెళ్లేందుకూ చూడొద్దు. రక్త పరీక్ష చేసి సూది ద్వారా యాంటీబయోటిక్ మొదలుపెట్టగల ఆసుపత్రి పలాసలో ఉందో, శ్రీకాకుళంలోనే ఉందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి, కీమో ఎక్కించుకుంటున్నారని వెళ్లగానే చెప్పండి. అమ్మ దగ్గర మిగిలిన సిప్రో మాత్రలు మామయ్యకి ఇవ్వకండి. తెల్ల కణాలు లేనప్పుడు జ్వరం తెచ్చేది తరచుగా పేగులోని బాక్టీరియానే. మన దగ్గర వాటిలో చాలావాటికి 83వ చోట సెరిన్ ఎప్పుడో మారిపోయింది.